ఆ ఏడు రిజర్వాయర్లు: పాడ్‌కాస్ట్ స్క్రిప్ట్‌ను చెవితో దిద్దడం

నమస్కారం. ముందు ఈ వాక్యం వినండి, స్క్రీన్ వైపు చూడకండి. "2019 వేసవి. ఆ ఏడు రిజర్వాయర్లు ఎండిపోయాయి." మీకు ఏం వినిపించింది?

చెన్నై నీళ్ల మీద మేం చేసిన ఎపిసోడ్‌లోది ఇది. విడుదలైన రోజు సాయంత్రమే పెరంబూరు నుంచి మా మామయ్య ఫోన్ చేశాడు. "ఏరా, మనకి ఏడు రిజర్వాయర్లు ఎప్పుడొచ్చాయి? పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం. అప్పటికి ఉన్నవి నాలుగే కదా!" నేను రాసింది "ఆ సంవత్సరం" అనే అర్థంలో. ఆయన విన్నది ఏడు అనే అంకె. తప్పు ఆయన చెవిది కాదు.

స్పెల్లింగ్ చూసే సాఫ్ట్‌వేర్ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే అక్షరాల్లో తప్పేమీ లేదు. నేనూ పట్టుకోలేను, రాసింది నేనే కాబట్టి నా బుర్రలో అర్థం ముందే కూర్చుని ఉంది. అందుకే ఇలాంటి మాటలకు నేనొక చిన్న జాబితా పెట్టుకున్నాను: ఏడు, ఆరు, నూరు, కాలు, పాలు, కల. స్క్రిప్ట్ పూర్తవగానే Ctrl+F కొట్టి ఒక్కొక్కటీ వెతుకుతాను. దొరికిన చోట రెండో అర్థం పెట్టి చదివి చూస్తాను. వాక్యం అప్పుడూ నడిచిందంటే, ఆ మాట మార్చాల్సిందే.

అదే ఎపిసోడ్‌లో ఇంకోటి దొరికింది, చూడండి. "1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ కృష్ణలో తమ పాలు కొంత మద్రాసుకు వదులుకున్నాయి." పేజీ మీద చక్కగా ఉంది. వింటే మాత్రం మూడు రాష్ట్రాలు కృష్ణలో పాలు పోసినట్టుంది! "పాలు" తీసేసి "వాటా" పెట్టాను. అందమైన మాట పోయిందని కాస్త బాధే, కానీ వినేవాళ్లకు వెనక్కి తిప్పి చదువుకునే పేజీ లేదు.

రాతలో తేడా ఉండి, నోట్లో ఒకటైపోయేవి వేరే రకం. ప్రదానం అంటే ఇవ్వడం, ప్రధానం అంటే ముఖ్యమైనది. అర్ధం అంటే సగం, అర్థం మీకు తెలుసు. మా ఎపిసోడ్లు చదివేది మా అక్క. చెన్నైలోనే పుట్టి, తమిళ మీడియంలో చదువుకుంది. తమిళ లిపిలో ద, ధలకు వేరువేరు అక్షరాలు లేవు, కాబట్టి వత్తులు నొక్కి పలకడం ఆమెకు అలవాటు లేదు. ఆ మాటకొస్తే మనలో చాలామందిమి మామూలు మాటల్లో నొక్కం. కాబట్టి "అవార్డు ప్రదానం" అని రాయను, "అవార్డు ఇచ్చారు" అంటాను.

ఇప్పుడు మళ్లీ ఏడు దగ్గరికి వద్దాం. మాట మార్చకుండా కామా పెడితే సరిపోదా? "ఆ ఏడు, రిజర్వాయర్లు ఎండిపోయాయి." అక్క "ఏడు" దగ్గర గొంతు పైకే ఉంచి చిన్నగా ఆగితే అర్థం మారుతుంది. కానీ ఆ కామా మీద నేను పూర్తిగా ఆధారపడను. ఊపులో చదివేటప్పుడు మొదట జారిపోయేది అలాంటి కామానే. అంకె అనిపించే చోట మాటే మార్చాలి: "ఆ సంవత్సరం రిజర్వాయర్లు ఎండిపోయాయి."

కామా నిజంగా పని చేసే చోటు ఇది. "అధికారులు నిన్న నీళ్లు వదిలారని చెప్పారు." నిన్న జరిగింది ఏది, వదలడమా, చెప్పడమా? "అధికారులు, నిన్న నీళ్లు వదిలారని చెప్పారు" అంటే వదిలింది నిన్న. "అధికారులు నిన్న, నీళ్లు వదిలారని చెప్పారు" అంటే చెప్పింది నిన్న. రెండూ గట్టిగా చదివి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అయినా నేనైతే "నీళ్లు నిన్న వదిలారని అధికారులు చెప్పారు" అని తిప్పి రాస్తాను. అప్పుడు ఎక్కడ ఆగినా అర్థం చెడదు.

కామా పెట్టకూడని చోటు కూడా ఒకటుంది. "కండలేరులో నిల్వ చేసిన, నీళ్లు 1996లో పూండి చేరాయి." ఊపిరి కోసం నేనే పెట్టాను దాన్ని. "చేసిన" తర్వాతి మాటను పట్టుకుని ఉండాలి, అక్కడ ఆగితే వాక్యం తెగిపోయినట్టు వినిపిస్తుంది. ఊపిరి కావాలంటే వాక్యాన్నే రెండు చేయండి: "నీళ్లు కండలేరులో నిల్వ చేశారు. అక్కడి నుంచి కాలువలో బయల్దేరి, 1996లో పూండి చేరాయి." "బయల్దేరి" దగ్గర కామా హాయిగా కూర్చుంది, ఎందుకంటే అక్కడ ఒక పని ముగిసి ఇంకోటి మొదలవుతోంది.

చివరి పని. స్క్రిప్ట్ ప్రింట్ తీసి, పెన్సిల్ పట్టుకుని ఒకసారి బయటికి చదవండి. మీరు నిజంగా ఆగిన ప్రతిచోటా ఒక గీత పెట్టండి. గీత ఉండి కామా లేకపోతే, అది ఊపిరి కోసం ఆగిందా, అర్థం కోసం ఆగిందా చూసుకోండి. కామా ఉండి గీత లేకపోతే, చాలాసార్లు అది కొట్టేయొచ్చు. తర్వాత స్క్రిప్ట్ చూడని వాళ్లకి ఫోన్‌లో రికార్డ్ చేసి పంపండి. నేను ఇప్పుడు మా మామయ్యకే పంపుతున్నాను, ఎపిసోడ్ విడుదలకు ముందే.