అలిగిన మావయ్య మళ్ళీ ఫొటోలోకి ఎలా వచ్చాడు: స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద చర్చ

(విజయనగరంలో జరిగిన చర్చ. ఆల్బమ్ డిజైనర్‌ది ఇక్కడే గంటస్తంభం వైపు షాపు. ఫొటోగ్రాఫర్ 30 ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నారు. ఫ్లెక్సీ డిజైనర్ శ్రీకాకుళం నుంచి వచ్చారు.)

యాంకర్: నమస్కారమండి. ఫొటోషాప్‌లో ఫొటోలోంచి ఒక మనిషిని తీసేశాక మళ్ళీ కావాలంటే ఏం చెయ్యాలి, ఇవాళ మన గొడవ అదే. ముందు ఆ మావయ్య సంగతి చెప్పండి, ఇందాక టీ తాగుతూ సగంలో ఆపేశారు.

ఆల్బమ్ డిజైనర్: ఏటి చెప్పమంటారు మేడమ్, గ్రూప్ ఫొటో అది, 11 మంది, కుడి చివర పెళ్ళికూతురి మావయ్య నిల్చున్నాడు, చెయ్యేమో పక్కనున్న మేనకోడలి భుజం మీదుంది. భోజనాల దగ్గర ఏదో మాటా మాటా అయింది, వారం తిరక్కుండా పెళ్ళికూతురి నాన్న షాపుకొచ్చీసి ఆయన్ని తీసీయమన్నాడు. తీసీసేను. 2 నెలలకి రాజీ అయిపోనారు, మళ్ళీ పెట్టమన్నాడు.

ఫొటోగ్రాఫర్: పెట్టావుగా.

ఆల్బమ్ డిజైనర్: ఈసారి పెట్టేను మాస్టారు. ఇంతకుముందు ఇంకో పెళ్ళిలో ఇలాగే అయితే పెట్టలేకపోయేను, ఫొటో మీదే నేరుగా క్లోన్ కొట్టీసి, అంటే పక్క ముక్క తెచ్చి ఆ మనిషి మీద పూసీసి, సేవ్ చేసీసేను, ఫొటో తీసినాయన కార్డు ఫార్మాట్ చేసీసేడు, ఇంకేటుంది, ఆ మనిషి పోనాడంతే. అప్పట్నుంచి బుద్ధొచ్చింది.

యాంకర్: మరి ఈసారి వేరేగా ఏం చేశారు? నాలాంటిదానికి అర్థమయ్యేలా చెప్పండి.

ఆల్బమ్ డిజైనర్: ఫొటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి పొరలుంటాయి, వాటినే లేయర్లంటాం. ఫొటో తెరవగానే దాని లేయర్ మీద రైట్ క్లిక్ చేసి Convert to Smart Object కొట్టేను. అంటే ఫొటోని ఒక డబ్బాలో పెట్టి మూత పెట్టినట్టు. బయట సైజు తగ్గించినా పెంచినా లోపలున్న అసలు ఫొటోకి ఏమీ అవ్వదు. ఇప్పుడు ఆ లేయర్ చిన్నబొమ్మ మీద డబుల్ క్లిక్ చేస్తే డబ్బా మూత తెరుచుకుంటుంది, .psb అని వేరే ట్యాబ్ వస్తుంది. మావయ్యని తీసే పనంతా ఆ ట్యాబ్‌లోనే. అసలు ఫొటోని ముట్టుకోను, పైన ఖాళీ లేయరొకటి పెడతాను, క్లోన్ స్టాంప్ తీసుకుని పైన Sample దగ్గర Current & Below పెడతాను. కింద ఫొటోలోంచి కర్టెన్ ముక్క తీసుకుని పై లేయర్ మీద పూస్తాదన్నమాట. మావయ్య కర్టెన్ వెనకే ఉన్నాడు, ఎక్కడికీ పోలేదు.

ఫొటోగ్రాఫర్: కర్టెన్ సులువే, భుజం మీద చెయ్యో?

ఆల్బమ్ డిజైనర్: చంపీసింది మాస్టారు. పట్టుచీర, జరీ అంచు. క్లోన్ కొడితే జరీ గీతలు ముక్కలు ముక్కలుగా తెగిపోతాయి. అందుకని ఆ అమ్మాయి రెండో భుజం కాపీ చేసి వేరే లేయర్‌లో Flip Horizontal చేసి ఇటు పెట్టేను, అంచుల్ని మాస్క్‌లో మెత్తటి నల్ల బ్రష్‌తో కలిపేను. మాస్క్‌లో నలుపు దాస్తుంది, తెలుపు చూపిస్తుంది. ఎక్కువ దాచీసేననుకో, తెల్ల బ్రష్‌తో గీస్తే తిరిగొచ్చీస్తాది, అదే ఇరేజర్‌తో చెరిపీసుంటే రాదు. ఒక్కటే ఇబ్బంది, తిప్పిన భుజం మీద వెలుగు రెండో పక్కనుంచి పడ్డట్టుంటాది, పరీక్షగా చూస్తే దొరికిపోతాం, అందుకని దాని మీద కొంచెం నీడ వేరే లేయర్‌లో వేసేను.

ఫొటోగ్రాఫర్: నాదొక అనుమానం. ఇంత లోపలికెళ్ళడం ఎందుకయ్యా? స్మార్ట్ ఆబ్జెక్ట్ పైనే ఒక ఖాళీ లేయర్ పెట్టి క్లోన్ చేసుకోవచ్చుగా, నేనైతే ఎప్పుడూ అదే చేస్తా.

ఫ్లెక్సీ డిజైనర్: చెయ్యొచ్చు మాస్టారు, కలర్ ముట్టుకోనంతవరకు. క్లోన్ చేసిన ముక్క ఆ నిమిషానికి ఏ రంగు కనబడితే ఆ రంగుతోనే అతుక్కుపోతాది. తరవాత మీరు కింద ఫొటోకి Camera Raw Filter పెట్టి కొంచెం పసుపు ఎక్కించేరనుకోండి, కర్టెన్ అంతా పసుపెక్కుతాది, మావయ్య నిల్చున్నచోటు మాత్రం పాతరంగే ఉండిపోతాది. వెల్ల వేసిన గోడకి అతుకు పెట్టినట్టు మనిషి ఆకారంలో మచ్చ కనబడతాది. ఆల్బమ్ పేజీలో ఫొటో చిన్నది చేస్తే కూడా అంతే, ఫొటో చిన్నదైపోతాది, అతుకు పాత సైజులో అక్కడే ఉండిపోతాది, రెండూ కలిపి పట్టుకుంటే తప్ప.

ఫొటోగ్రాఫర్: హా... అది నాకు జరిగిందిలే. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఆల్బమ్ డిజైనర్: అదే నేననేది. తీసీయడం డబ్బా లోపల, కలరూ సైజూ డబ్బా బయట. లోపల పని అయ్యాక కంట్రోల్ ఎస్ కొట్టి ట్యాబ్ మూసీయాల. Save As కొట్టకూడదు, అలా కొడితే వేరేచోట ఇంకో ఫైలు పుడతాది గాని ఇక్కడ మావయ్య నిల్చునే ఉంటాడు.

యాంకర్: మరి తిరిగి తెచ్చింది?

ఆల్బమ్ డిజైనర్: డబుల్ క్లిక్ చేసి లోపలికెళ్ళి కర్టెన్ లేయరు, భుజం లేయరు, నీడ లేయరు, మూడింటికీ పక్కనున్న కన్ను బొమ్మ ఆపీసేను, సేవ్ కొట్టేను. నిమిషం పట్టలేదు. బయట వేసిన కలర్ ఆయన మీద కూడా అందరితోపాటు పడిపోయింది, అదీ దీన్లో సుఖం.

ఫ్లెక్సీ డిజైనర్: నా దెబ్బ కూడా ఒకటి చెప్పేస్తాను. మాకు ఒకే ఫొటోతో రెండు ఫ్లెక్సీలు, మగపెళ్ళివాళ్ళకి ఒకటి, ఆడపెళ్ళివాళ్ళకి ఒకటి. రెండో దాన్లో ఒకాయన్ని తీసీయాల. నేను స్మార్ట్ ఆబ్జెక్ట్‌ని కంట్రోల్ జె కొట్టి రెండు చేసీసి రెండో దాని లోపలికెళ్ళి తీసీసేను. రాత్రి ప్రింటయ్యాక చూస్తే రెండిట్లోనూ మాయం! కంట్రోల్ జె కొడితే డబ్బాలు రెండు కనబడతాయి గాని లోపలున్నది ఒకటే. విడివిడిగా కావాలంటే రైట్ క్లిక్ చేసి New Smart Object via Copy అనాల. పది అడుగుల ఫ్లెక్సీ నా డబ్బుల్తో మళ్ళీ కొట్టించేను.

యాంకర్: ఇంకెక్కడ పోతుందండి ఇది?

ఫొటోగ్రాఫర్: మా కుర్రాడు చేసే తప్పు చెప్తా. స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద నేరుగా బ్రష్ పెడితే ఫొటోషాప్ ఊరుకోదు, రాస్టరైజ్ చెయ్యాలి చేస్తావా అనడుగుతుంది. వాడు చదవడు, ఓకే కొట్టేస్తాడు, డబ్బా కాస్తా మామూలు ఫొటో అయిపోతుంది. లేయర్ బొమ్మ మూలన చిన్న గుర్తుంటుంది చూడండి, అది కనబడకపోతే పోయినట్టే. ఆ క్షణంలో కంట్రోల్ జెడ్ కొడితే వెనక్కొస్తుంది, సేవ్ చేసి మూసేస్తే ఇంక రాదు.

ఆల్బమ్ డిజైనర్: ల్యాబుకి జేపెగ్ వెళ్తాది కదా, అది చాల్లే అని లేయర్లన్నీ ఉండే ఫొటోషాప్ ఫైలు, పీఎస్‌డీ, తీసీసేవాళ్ళున్నారు. జేపెగ్‌లో లేయర్లుండవు, అన్నీ ఒకటైపోతాయి, కర్టెన్ వెనక మావయ్య ఉండడు. చోటెక్కువ తింటాది, ఒప్పుకుంటాను, 24 మెగాపిక్సెల్ ఫొటో జేపెగ్‌గా కొద్ది ఎంబీలే గాని విప్పితే ఒక్క లేయరే 72 ఎంబీ, దానిమీద లోపలివీ బయటివీ. అందుకే నేను మనుషుల్ని తీసీసిన ఫొటోలకే పీఎస్‌డీ దాస్తాను, మిగతావాటికి దాచను.

యాంకర్: ఆఖరిగా ఒక్కటి. మావయ్య వచ్చేసరికి ఆల్బమ్ ప్రింటయిపోయిందా?

ఆల్బమ్ డిజైనర్: అయిపోనాది మేడమ్, ఆ ఒక్క షీటూ మళ్ళీ కొట్టించి మార్చేం.

యాంకర్: డబ్బులెవరిచ్చారు?

ఆల్బమ్ డిజైనర్: నాన్నగారేమో మావయ్యని అడగమన్నారు, మావయ్యేమో తీయమన్నోళ్ళనే అడగమన్నాడు.