డిజైనర్ రెజ్యూమెలో ఫిగ్మా అని ఉంటే చాలా? లింకు తెరిచి చూద్దాం

అందరికీ నమస్తే. స్క్రీన్ కనిపిస్తోంది కదా... ఎడమ పక్కన ఉద్యోగ ప్రకటన, కుడి పక్కన ఒక రెజ్యూమె. రెండూ, లోపలి ఫైళ్లు కూడా, ఈ వీడియో కోసం నేను తయారు చేసుకున్నవే. ఎవరి బయోడేటానో బయటపెట్టానని పరేషాన్ కావద్దు.

ప్రకటన చూడండి. మా నల్గొండ ఐటీ టవర్ లాంటి చోట ఒక చిన్న కంపెనీ అనుకోండి. బత్తాయి వ్యాపారులు, తోటల రైతులు వాడే మొబైల్ యాప్ ఒకటి నడుపుతోంది. డిజైనర్ కావాలి. ఏం అడిగారు? ఫిగ్మా రావాలి, అంటే యాప్ స్క్రీన్లు డిజైన్ చేసే టూల్. డిజైన్ సిస్టమ్ మీద, అంటే అన్ని స్క్రీన్లలో ఒకేలా వాడే బటన్లు, రంగుల సెట్టు మీద పనిచేసి ఉండాలి. జనం వాడుతున్న మొబైల్ ప్రొడక్ట్ మీద రెండేళ్ల అనుభవం ఉండాలి. అంతే.

ముందు రంగులు వేద్దాం. టూల్‌కి పసుపు, అనుభవానికి ఆకుపచ్చ. ఇలా... ఇలా... అయిపోయింది. ఎందుకంటే ఈ రెండింటినీ ఒకే తూకంలో వేయలేం. స్కెచ్ అనే ఇంకో డిజైన్ టూల్‌లో బాగా పనిచేసిన మనిషికి ఫిగ్మాలో చేయి తిరగడానికి పెద్దగా టైమ్ పట్టదు. ప్రొడక్ట్ అనుభవం అట్లా కాదు, నెల రోజుల్లో నేర్పలేం. అన్నట్టు, రెజ్యూమెలో అడోబీ ఎక్స్‌డీ అనే డిజైన్ టూల్ పేరు కనిపిస్తే అక్కడికక్కడే పక్కన పెట్టేయకండి. అడోబీ దాన్ని విడిగా అమ్మడం ఆపిందే 2023లో. అంతకుముందు చేసిన పని అందులో ఉందంటే తప్పేం లేదు.

ఇగ రెజ్యూమె. ఇక్కడ 'ఫిగ్మా 90 శాతం' అని గీత ఉంది చూశారా? దాన్ని వదిలేయండి. మిగతా పది శాతం ఏం రాదో రాసినవాళ్లకే తెలియదు.

అనుభవం దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో ఏజెన్సీ, మూడేళ్లు, పద్నాలుగు ప్రాజెక్టులు. లెక్క వేయండి. ముప్పై ఆరు నెలలు, పద్నాలుగు ప్రాజెక్టులు, అంటే సగటున ఒక్కోదానికి రెండున్నర నెలలు. డిజైన్ చేసి ఇచ్చారు, తర్వాతి క్లయింట్ దగ్గరికి వెళ్లారు. అది తక్కువ పనేం కాదు. కానీ మన ప్రకటన అడిగింది వేరే. యాప్ జనంలోకి వెళ్లాక ఎక్కడ ఆగిపోతున్నారో చూసి, మళ్లీ మార్చిన అనుభవం కావాలి. ఇంకొంచెం కిందికి రండి... ఇదిగో. పాల డెలివరీ యాప్, పదకొండు నెలలు. మనకు కావాల్సింది ఇదే. మిగతా పదమూడింటిని పక్కన పెట్టి దీని లింకులే తెరుద్దాం.

మొదటి లింకు... పనిచేయట్లేదు. డిజైన్లు ఆన్‌లైన్‌లో చూపించే ఇన్‌విజన్ అనే సర్వీసు లింకు అది. 2024 చివర్లో ఆ సర్వీసే మూతపడింది. పాత రెజ్యూమెల్లో ఇవి మస్తు కనిపిస్తాయి. లింకు మార్చుకోలేదు అనుకోవచ్చు గానీ, పని దొంగది అనుకోలేం.

రెండోది ఫిగ్మా లింకు. ఆగండి, ఇక్కడ జర నిదానంగా పోదాం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. క్లిక్ చేయకముందే అడ్రస్ చదవండి.

```
figma.com/proto/...
figma.com/design/...
```

మొదటి రకం ప్రోటోటైప్. స్క్రీన్ మీద స్క్రీన్ జారుతుంది, బటన్ నొక్కితే కదులుతుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ లోపల ఎలా కట్టారో కనిపించదు. ఇల్లు చూడమని పిలిచి వరండాలోనే కూర్చోబెట్టినట్టు. అది చూసి 'ఫిగ్మా వచ్చు' అని టిక్ పెట్టేస్తే, మనం చూసింది బొమ్మల వరుసే. రెండో రకం అసలు ఫైలు. పాత లింకుల్లో design బదులు file అని ఉంటుంది, అదీ ఇదే. ప్రోటోటైప్ ఒక్కటే ఉంటే, చూడ్డానికి మాత్రమే పర్మిషన్ ఇచ్చి అసలు ఫైలు పంపమని అడగండి.

లింకు అందరికీ తెరుచుకుంటుందో లేదో నేను క్రోమ్‌లో Ctrl+Shift+N నొక్కి, మన అకౌంటు లేని ఇన్‌కాగ్నిటో విండోలో చూస్తా. మన అకౌంటుకే తెరుచుకుంటే టీమ్‌లో మిగతావాళ్లకు పంపినప్పుడు ఆగమాగం అవుతుంది. సరే, ఇది design లింకే, ఫైలు తెరిచాం. Shift+1 నొక్కితే మొత్తం కనిపిస్తుంది. నాకు మౌస్‌తో జూమ్ చేయడం విసుగు, ఇదే వాడతా.

ఇప్పుడు ఒక్క బటన్ పట్టుకుందాం. 'ఆర్డర్ చేయండి' బటన్. Ctrl పట్టుకుని నొక్కితే నేరుగా లోపలిదే సెలెక్ట్ అవుతుంది. ఎడమ పక్క లేయర్లలో చూడండి, ఊదా రంగు డైమండ్ గుర్తు. అంటే ఇది కాంపోనెంట్ నుంచి, ఒకసారి కట్టి అన్నిచోట్లా వాడే ముక్క నుంచి వచ్చింది. అసలుది మారిస్తే ఇదీ మారుతుంది. మంచిది. అదే బటన్ పేమెంట్ స్క్రీన్‌లో... ఊదా. అడ్రస్ స్క్రీన్‌లో... ఊహూఁ. ఇక్కడ ఊదా గుర్తు లేదు, Frame 427, దాని లోపల Rectangle 18. చూపుకు ఒకటే, లోపల వేరే. ఎవరో విడగొట్టారు, లేదా మళ్లీ గీశారు. ఒక్కచోట అయితే తొందర అనుకుంటాం. పది స్క్రీన్లలో ఆరింటిలో ఇట్లనే ఉంటే, రెజ్యూమెలో 'డిజైన్ సిస్టమ్ నిర్మించాను' అన్న మాట నిలబడదు.

ఇంకోటి, తెలుగు యాప్ కాబట్టి చూడాల్సింది. ఇంగ్లీషులో చిన్న మాట, తెలుగులో పొడుగవుతుంది. 'ఆర్డర్ రద్దు చేయండి' అని రాసిన చోట బటన్ పెరిగిందా, అక్షరాలు అంచుకు తగిలాయా? ఇక్కడ ఒత్తులు కిందికి తెగిపోయాయి చూడండి, 'ద్దు' దగ్గర. నమూనా వాక్యాలన్నీ ఇంగ్లీషులోనే పెట్టుకుని డిజైన్ చేస్తే ఇదే జరుగుతుంది.

కానీ ఫైలు శుభ్రంగా ఉంటే అంతా ఆ మనిషి పనే అని కూడా అనలేం. ఫిగ్మా కమ్యూనిటీలో రెడీమేడ్ కిట్లు దొరుకుతాయి. కిట్ వాడటం తప్పు కాదు, అందులో ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నది అడగాలి. ఇంకో పక్క, కంపెనీ ఒప్పందం వల్ల అసలు ఫైలు చూపించలేనివాళ్లూ ఉంటారు. వాళ్లను కాల్‌లో స్క్రీన్ షేర్ చేయమని, సొంతంగా ఒక చిన్న కాంపోనెంట్ కట్టి చూపించమని అడగొచ్చు. పది నిమిషాలు చాలు.

ఇక ఆకుపచ్చది. ప్లే స్టోర్‌లో ఆ పాల యాప్ తెరవండి. వివరాల్లోకి వెళ్తే ఎప్పుడు వచ్చింది, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయింది రెండూ ఉంటాయి. రెజ్యూమెలో రాసిన పదకొండు నెలలు ఆ తేదీల మధ్య పడుతున్నాయి, సరిపోయింది. యాప్ ఇన్‌స్టాల్ చేసి పోర్ట్‌ఫోలియో పక్కన పెడదాం. పోర్ట్‌ఫోలియోలో ఉన్న మ్యాప్ ఇక్కడ లేదు. వెంటనే అబద్ధం అనకండి. డెవలపర్లకు టైమ్ చాలక తీసేసి ఉండొచ్చు, డ్రైవర్ల ఫోన్లలో బ్యాటరీ అయిపోతోందని తీసేసి ఉండొచ్చు. నిజంగా పనిచేసిన మనిషికి ఆ కారణం తెలిసి ఉంటుంది.

పోర్ట్‌ఫోలియోలో నేను వెతికేది ఇంకోటి ఉంది: పని చెడిపోయినప్పటి స్క్రీన్లు. నెట్ పోయింది, పేమెంట్ మధ్యలో ఆగింది, ఈ రోజు ఆర్డర్లే లేవు. ఇక్కడ నెట్ పోయిన స్క్రీన్ ఉంది, పేమెంట్ ఆగినది కూడా ఉంది. ఒట్టి పోర్ట్‌ఫోలియో కోసం గీసేవాళ్లకు వీటి అవసరమే రాదు, అందుకే సాధారణంగా కనిపించవు.

కాబట్టి ఈ రెజ్యూమెకు నా లెక్క: ఆకుపచ్చ ఉంది, కానీ రెండేళ్లు కాదు, పదకొండు నెలలు. పసుపు సగం. పక్కన పెట్టను, కాల్‌కి పిలుస్తా. పిలిచే మెసేజ్ ఇదిగో, ఇట్లనే కాపీ చేసుకోండి:

"నమస్తే అండి. మీ పాల డెలివరీ యాప్ పని చూశాం, మాట్లాడాలని ఉంది. కాల్‌లో రెండు విషయాలు అడుగుతాం. అడ్రస్ స్క్రీన్‌లో బటన్ కాంపోనెంట్ నుంచి ఎందుకు విడిపోయింది? మ్యాప్‌ని యాప్‌లోంచి ఎందుకు తీసేశారు? వీలైతే ఆ ఫైలు దగ్గర పెట్టుకోండి."