దుకాణం పేరు ఎవరి చేతిలో ఉంది?

వేదిక మీది పెద్దలకు, పచ్చళ్ల పని పక్కన పెట్టి వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. ఆన్‌లైన్ దుకాణం దేనితో పెట్టుకోవాలో చెప్పమని పిలిచారు. చెప్తాను. ముందు మా పిన్నికి జరిగింది వినండి.

పిన్ని ఆవకాయ అమ్ముతుంది. వెబ్‌సైట్ చేసిన అబ్బాయి డొమైన్‌ను, అంటే సైట్ చిరునామాగా వాడే పేరును, తన ఖాతాలో, తన మెయిల్‌తో కొన్నాడు. డబ్బు మాత్రం పిన్నిది. ఏడాది తిరిగాక రెన్యూవల్ మెయిళ్లు అతనికే వెళ్లాయి. అతను ఫోన్ ఎత్తలేదు. మే నెలలో, సీజన్ మధ్యలో, సైట్ ఆగిపోయింది. .com పేరు గడువు దాటగానే పోదు. డొమైన్లు అమ్మే చాలా కంపెనీలు కొన్ని వారాలు మామూలు ధరకే కట్టనిస్తాయి, ఆ తర్వాత 30 రోజులు ఎక్కువ రుసుముతో విడిపించుకోవచ్చు. కానీ అదంతా ఖాతా ఉన్నవాడే చేయాలి. సీసాల మీద లేబుళ్లన్నీ ఆ పేరుతోనే అచ్చయ్యాయి! నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

అందుకే డొమైన్ మీరే కొనండి. మీ మెయిల్, మీ ఫోన్ నంబర్, మీ కార్డు. లాగిన్ చేస్తే ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి.

పేరు ఎలా ఎంచుకోవాలి? ఫోన్‌లో చెప్పి, అవతలివాళ్లను ఇంగ్లీషులో రాయమనండి. ‘మామిడితోట’ అంటే ఒకరు mamidithota అని, ఇంకొకరు mamiditota అని రాస్తారు. అలాంటి పేరే కావాలంటే రెండూ కొని, ఒకదాన్ని రెండోదానికి మళ్లించండి. ఒక్క ఆవకాయ పేరే పెడితే రేపు కందిపొడి అమ్మేటప్పుడు ఇబ్బంది. లేబుల్ అచ్చు వేయించేముందు ఆ పేరు ఇంకెవరిదైనా అయి ఉందేమో ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ సైట్‌లో వెతకండి. పచ్చళ్లకు 29వ తరగతి, మసాలాలకు 30వది చూడాలి.

ఇక దుకాణం. షాపిఫై లాంటివి నెలకింత అద్దె తీసుకుని సర్వర్, అప్‌డేట్లు, భద్రత వాళ్లే చూసుకుంటారు. వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్ ఉచితమే, కానీ సైట్‌ను ఉంచే హోస్టింగ్, బ్యాకప్, అప్‌డేట్లు మీ బాధ్యత. ఒక్కోసారి సైట్‌కు తగిలించిన ఒక ప్లగిన్ అప్‌డేట్ అయితే చాలు, డబ్బు కట్టే బటన్ పనిచేయదు. ఆర్డర్లు ఎందుకు రావడం లేదో మీకు తెలియదు. వారానికోసారి మీ దుకాణంలో మీరే ఒక చిన్న ఆర్డర్ పెట్టి చూసుకుంటేనే బయటపడుతుంది. ఇంట్లో ఇవి చూసే మనిషి లేకపోతే అద్దె దుకాణమే తీసుకోండి, ఇది నా గట్టి మాట.

అద్దె దుకాణంలో చిక్కుకుపోతామేమో అంటారు. డొమైన్ మీ చేతిలో ఉంటే రేపు వేరేచోటికి మారినా కొనేవాళ్లు అదే చిరునామాకు వస్తారు. సరుకుల జాబితా, కొనుగోలుదారుల వివరాలు నెలకోసారి ఎక్సెల్‌లో తెరుచుకునే సీఎస్‌వీ ఫైల్‌గా దించుకోండి. డిజైన్ మాత్రం వెంట రాదు, మళ్లీ చేయించుకోవాలి.

ఇప్పటికే సైట్ ఉన్నవాళ్లు ఫోన్లు తీయండి. డొమైన్ కొన్నప్పటి మెయిల్ మీ ఇన్‌బాక్స్‌లో ఉందేమో వెతకండి. లేనివాళ్లు భోజనాలయ్యాక నా దగ్గరికి రండి, ఎవరి ఖాతాలో ఉందో కనుక్కుని బదిలీ అడుగుదాం.