ఆ 20 శాతం ఎవరు ఇస్తున్నారు? క్రిప్టో రాబడులపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. క్రిప్టోలో స్టేకింగ్, అంటే నెట్‌వర్క్‌ని కాపాడటానికి మన కాయిన్లను కట్టిపెట్టడం, యీల్డ్ ఫార్మింగ్, అంటే కాయిన్లను అప్పులకో మార్పిడికో ఇచ్చి రాబడి తీసుకోవడం, వీటి పేరుతో 20 శాతం, 40 శాతం వడ్డీలు చూపిస్తున్నారు. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఈరోజు మాట్లాడుకుందాం. మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (తెనాలి): నమస్కారమండీ. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. డాలరుతో సమానమైన కాయిన్ ఉందట, దాని ధర మారదట, డిపాజిట్ చేస్తే ఏడాదికి 18 శాతం ఇస్తారట. నా ఎఫ్‌డీ తీసి అందులో పెడదామంటున్నాడు. నెలనెలా వడ్డీ పడుతున్నట్టు ఫోన్‌లో చూపించాడు కూడా.

నిపుణుడు: నమస్కారమమ్మా. వడ్డీ పడుతోందన్నది నిజమే కావచ్చు. ఆ వడ్డీ ఎవరు కడుతున్నారన్నది వేరే ప్రశ్న. మీ అబ్బాయి చూపించిన పథకం ఏదో నాకు తెలియదు కాబట్టి, అచ్చం ఇలాగే నడిచిన యాంకర్ అనే క్రిప్టో డిపాజిట్ పథకం సంగతి చెప్తాను. టెర్రా అనే బ్లాక్‌చెయిన్, అంటే లావాదేవీలు అందరికీ కనబడేలా నమోదయ్యే ఖాతాపుస్తకం, దాని మీద 2021లో మొదలైంది. యూఎస్‌టీ అనే డాలర్ కాయిన్ అందులో డిపాజిట్ చేస్తే ఏడాదికి 19.5 శాతం దాకా ఇచ్చేవాళ్ళు. నిజంగానే ఇచ్చారు, అడిగినప్పుడు వెనక్కి కూడా ఇచ్చారు.

శ్రోత (తెనాలి): మరి ఇబ్బంది ఏముందండీ?

నిపుణుడు: లెక్క చూద్దామమ్మా. పతాక స్థాయిలో అక్కడ డిపాజిట్లు సుమారు 1400 కోట్ల డాలర్లు. అందులోంచి అప్పు తీసుకున్నది సుమారు 300 కోట్లే. 1400 కోట్ల మీద 19.5 శాతమంటే ఏడాదికి 273 కోట్లు కట్టాలి. అప్పు తీసుకున్నవాళ్ళు 12 శాతం వడ్డీ కట్టారనుకుందాం, 36 కోట్లు వస్తాయి. వాళ్ళు తాకట్టు పెట్టిన కాయిన్ల మీద కూడా యాంకర్‌కి కొంత స్టేకింగ్ ఆదాయం ఉండేది. అది ఇంకో 40 కోట్లు అనుకోండి. మొత్తం 76. ఈ రెండూ నేను అనుకున్న అంకెలు. కానీ ఎంత ఉదారంగా వేసినా 273 దరిదాపుల్లోకి రావు. ఇంచుమించు 200 కోట్లు తక్కువ.

వ్యాఖ్యాత: ఆ తక్కువ ఎలా పూడ్చారు?

నిపుణుడు: రిజర్వ్ అని ఒక నిధి పెట్టారు. లోటంతా అందులోంచి. అది కరిగిపోతుంటే 2022 ఫిబ్రవరిలో టెర్రా వెనకున్న లూనా ఫౌండేషన్ గార్డ్ అనే సంస్థ 45 కోట్ల డాలర్లు తెచ్చి పోసింది. ఏడాదికి 200 కోట్ల లోటు ఉన్నచోట 45 కోట్లు మూడు నెలలు కూడా రావు. డిపాజిట్‌దారులకు అందిన వడ్డీలో పెద్ద భాగం ఎవరూ సంపాదించింది కాదమ్మా. కొత్తవాళ్ళను రప్పించడానికి టెర్రా వాళ్ళు పెట్టిన ఖర్చు. ఆ ఖర్చుకి డబ్బు లూనా అనే వాళ్ళ సొంత కాయిన్‌ని జనం కొంటున్నందువల్ల వచ్చింది.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఆ రిజర్వ్ రోజురోజుకీ తగ్గుతుండటం బ్లాక్‌చెయిన్ మీద బహిరంగంగా కనబడింది. దాచలేదు. చాలామంది వడ్డీ అంకె చూశారు, పక్కనున్న ఆ అంకె చూడలేదు.

శ్రోత (తెనాలి): చివరికి ఏమైందండీ?

నిపుణుడు: మే నెల మొదట్లో వడ్డీని 18 శాతానికి తగ్గించారు. 7వ తేదీ నుంచి పెద్ద మొత్తాలు బయటికి వెళ్ళడం మొదలైంది. యూఎస్‌టీ వెనక బ్యాంకులో డాలర్లు లేవు. ఒక యూఎస్‌టీ ఇస్తే ఒక డాలరు విలువ చేసే కొత్త లూనా పుట్టించి ఇస్తారు, అంతే ఏర్పాటు. అందరూ ఒకేసారి అడిగితే లూనా కుప్పలుగా పుట్టింది. 35 కోట్ల లూనాలు వారంలోపే ఆరున్నర లక్షల కోట్లయ్యాయి. 80 డాలర్లున్న లూనా ధర పైసల్లోకి దిగిపోయింది, యూఎస్‌టీ కూడా దాంతోపాటే కుప్పకూలింది. వ్యవస్థాపకుడు డో క్వాన్ 2025లో న్యూయార్క్ కోర్టులో మోసం నేరం ఒప్పుకున్నాడు. మీ అబ్బాయిని రెండే అడగండమ్మా: ఈ కాయిన్ వెనక ఏముంది? 18 శాతం కట్టేది అప్పు తీసుకున్నవాళ్ళా, కంపెనీయా? దీనికి సూటిగా జవాబు రాకపోతే ఎఫ్‌డీ ముట్టుకోకండి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ హైదరాబాద్, కూకట్‌పల్లి నుంచి.

శ్రోత (కూకట్‌పల్లి): సార్, నాది డిపాజిట్ కాదు, స్టేకింగ్. ఏడాదికి 40 శాతం వస్తోంది, అదే కాయిన్‌లో. నెట్‌వర్క్‌ని కాపాడినందుకు ఇస్తున్నారు కదా, ఇది వేరే కదా?

నిపుణుడు: వేరేనండీ. ఇక్కడ మోసమే ఉండాలని లేదు. కానీ 40 అన్న అంకె మాత్రం మీరు అనుకుంటున్నది కాదు. ఆ కాయిన్లు మొత్తం 10 కోట్లు, మీ దగ్గర 1000 ఉన్నాయనుకుందాం. సగం మంది, అంటే 5 కోట్ల కాయిన్లు స్టేక్ చేశారు. వాళ్ళకి 40 శాతం ఇవ్వాలంటే 2 కోట్ల కొత్త కాయిన్లు పుట్టించాలి. ఏడాది తర్వాత మొత్తం 12 కోట్లు, మీవి 1400. నెట్‌వర్క్ మొత్తం విలువ పెరగకపోతే ఒక్కో కాయిన్ 100 రూపాయల నుంచి 83కి దిగుతుంది. మీ లక్ష రూపాయలు లక్షా 16 వేల చిల్లర అవుతాయి. అంటే 40 కాదు, 17 లోపే.

శ్రోత (కూకట్‌పల్లి): ఆ 16 వేలైనా లాభమే కదా సార్?

నిపుణుడు: లాభమే. అది స్టేక్ చేయనివాళ్ళ వాటా తరిగి మీకు వచ్చింది. అందరూ స్టేక్ చేస్తే? అందరి దగ్గరా 40 శాతం కాయిన్లు పెరుగుతాయి, ఎవరి వాటా మారదు, లాభం సున్నా. ఇథీరియంలో స్టేకింగ్ రాబడి ఇంచుమించు 3 శాతం చుట్టూ ఉంటుంది. అందులో కొంత కొత్త కాయిన్లే, కొంత మాత్రం లావాదేవీలు చేసేవాళ్ళు కట్టే ఫీజు. నిజంగా బయటినుంచి వచ్చే డబ్బు ఆ ఫీజే. యీల్డ్ ఫార్మింగ్‌లోనూ ఇదే చూడాలి. DefiLlama సైట్‌లో చాలా పూల్స్‌కి, అంటే జనం కాయిన్లు జమచేసే ఉమ్మడి నిధులకి, ఏడాది రాబడిని Base APY, Reward APY అని విడిగా చూపిస్తారు. మొదటిది ఎక్కువగా ఫీజులు, అప్పు వడ్డీ. రెండోది బహుమతిగా పంచే టోకెన్లు. మొత్తం 60 కనిపించి అందులో Base 2 మాత్రమే ఉంటే, మిగతా 58 ఆ టోకెన్‌ని రేపు కొనేవాడి మీద ఆధారపడ్డట్టే.

ఇంకో మాట. వెనక్కి తీసుకోవాలంటే ఎన్నాళ్ళు ఆగాలో చూశారా?

శ్రోత (కూకట్‌పల్లి): 21 రోజులు సార్.

నిపుణుడు: లూనాకి కూడా 21 రోజులే. స్టేక్ చేసినవాళ్ళు మే నెలలో ధర పడిపోతుంటే అమ్మలేక చూస్తూ ఉండిపోయారు. పైగా మన దేశంలో ఒక కాయిన్‌లో నష్టం వస్తే దాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తగ్గించుకోనివ్వరు, లాభం మీద మాత్రం 30 శాతం పన్ను. ఈ రెండూ కలుపుకుని 17ని మళ్ళీ చూడండి.

వ్యాఖ్యాత: ఇంకొక్క కాల్ తీసుకుందాం. కర్నూలు నుంచి, త్వరగా చెప్పండి తమ్ముడూ.

శ్రోత (కర్నూలు): అన్నా, మాది టెలిగ్రామ్ గ్రూప్‌లో చెప్పిన స్టేకింగ్ యాప్. రోజుకి 1 శాతం. మొదట రెండుసార్లు డబ్బు తీసుకున్నాను, వచ్చింది. ఇప్పుడు తీయబోతే ముందు 10 శాతం ట్యాక్స్ కట్టమంటున్నారు.

నిపుణుడు: కట్టకు తమ్ముడూ. రోజుకి 1 శాతం చక్రవడ్డీ అంటే ఏడాదిలో 37 రెట్లు. అంత సంపాదించే వ్యాపారం లేదు. మొదట నీకు వచ్చింది నీ తర్వాత చేరినవాళ్ళ డబ్బు అయ్యుంటుంది. పన్ను ఏదైనా ఉంటే ప్రభుత్వానికి కడతాం, యాప్ వాళ్ళ వాలెట్‌కి కాదు. ఇప్పుడే 1930కి ఫోన్ చెయ్యి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టు. నువ్వు పంపిన వాలెట్ అడ్రస్‌లు, యూపీఐ వివరాలు, చాట్ స్క్రీన్‌షాట్లు దాచిపెట్టుకో. గ్రూప్‌లోంచి వాళ్ళు తీసేయకముందే ఆ పని చెయ్యి. నీ మాట విని ఎవరైనా చేరారా?

శ్రోత (కర్నూలు): మా బావ, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ అన్నా.

నిపుణుడు: అయితే ముందు వాళ్ళకి ఫోన్ చెయ్యి. ఇవాళ రూపాయి కూడా పంపొద్దని చెప్పు. తర్వాత 1930.