ఏసీ ప్రయాణం తర్వాత గొంతు నొప్పి: అసలు కారణం ఏది?

శ్రోతలందరికీ నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగువారు హైదరాబాదు వెళ్ళాలంటే రాత్రంతా రైల్లోనో బస్సులోనో గడపాలి. ఏసీలో పడుకుని తెల్లవారి లేచేసరికి గొంతు గరగరలాడుతుంది. చల్లగాలికి జలుబు చేసిందనుకుంటాం. కానీ చల్లదనం ఒక్కటే జలుబు తెప్పించదు, వైరస్ సోకాలి. నొప్పి ఎప్పుడు మొదలైందో గుర్తు చేసుకుంటే అసలు కారణం చాలావరకు తేలిపోతుంది.

ఒక తల్లి, కొడుకు శుక్రవారం సాయంత్రం బరంపురంలో రైలెక్కారనుకుందాం. తల్లికి ముక్కు దిబ్బడ, అందుకని నోరు తెరిచి నిద్రపోయింది. ఏసీ యంత్రంలోని చల్లటి గొట్టాలకు తగిలినప్పుడు గాలిలోని తేమ నీరై కారిపోతుంది. అందుకే బోగీలోకి వచ్చే గాలి పొడిగా ఉంటుంది. ముక్కుతో పీల్చినప్పుడు లోపలి తడిపొర ఆ గాలిని వెచ్చబరిచి, తడిపి పంపుతుంది. నోటితో పీలిస్తే ఆ తడి గొంతు గోడల నుంచే పోవాలి. పైగా నిద్రలో లాలాజలం తక్కువ ఊరుతుంది, మింగడమూ తక్కువే. శనివారం లేవగానే ఆమెకు గొంతు మండింది. నీళ్ళు తాగి, టిఫిన్ తిన్నాక మధ్యాహ్నానికల్లా తగ్గిపోయింది. జ్వరం లేదు, ముక్కు కారలేదు. అది కేవలం ఎండిన గొంతు.

కొడుకు శనివారమంతా బాగానే ఉన్నాడు. ఆదివారం రాత్రి గొంతు నొప్పి, సోమవారం తుమ్ములు, ముక్కు కారడం. జలుబు వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. కిటికీలు మూసిన బోగీలో ఎదుటి బెర్తువారు దగ్గుతూ ఉంటే, లేదా వారు పట్టుకున్న కమ్మీని పట్టుకుని అదే చేత్తో ముక్కు నలుపుకుంటే సోకే అవకాశం ఉంది. ఇక్కడ ముఖ్యమైనది చలి కాదు, పక్కవారి దగ్గర నుంచి వచ్చిన వైరస్. అదే రైలెక్కిన రాత్రే తుమ్ములు మొదలైతే, అది చాలావరకు ఇంటి దగ్గరో ఊళ్ళోనో ముందే సోకినదై ఉంటుంది. పాపం, నింద మాత్రం ఏసీ మీద పడుతుంది.

తల్లికి కావలసింది పడుకునే ముందు ఉప్పునీటి చుక్కలతో ముక్కు తెరుచుకునేలా చూసుకోవడం, ఏసీ గాలి నేరుగా ముఖానికి కొట్టకుండా తిప్పుకోవడం, పక్కన నీళ్ళ సీసా ఉంచుకోవడం. కొడుక్కి గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలిస్తే ఉపశమనం ఉంటుంది. మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ కొనడం ఇద్దరికీ అనవసరం. ఎండిపోయిన గొంతుకు గానీ వైరస్‌కు గానీ అది పనిచేయదు.

యాంటీబయాటిక్ అవసరమయ్యే గొంతు నొప్పి వేరే ఉంది. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చేది, 5 నుంచి 15 ఏళ్ళ పిల్లల్లో ఎక్కువ. దగ్గు, ముక్కు కారడం సాధారణంగా ఉండవు. జ్వరం తరచుగా 101 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకన్నా ఎక్కువ ఉంటుంది, మెడ ముందు గ్రంథులు వాచి నొప్పెడతాయి, టాన్సిల్స్ మీద తెల్లని మచ్చలు కనిపిస్తాయి. ఇలా ఉంటే పిల్లవాణ్ణి వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి. చికిత్స లేకుండా వదిలేస్తే తర్వాత కొందరిలో కీళ్ళను, గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరం వస్తుంది. ఉమ్మి కూడా మింగలేకపోయినా, నోరు తెరవలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా, ఏ వయసు వారినైనా వెంటనే ఆసుపత్రికి చేర్చండి.