సూది గుచ్చుకుంది, రిపోర్ట్ వచ్చేదాకా ఆగాలా?

"అక్కా, నేను స్టాఫ్ నర్స్‌ని. రాత్రి 11 గంటలకు సూదికి మూత పెడుతుంటే వేలికి గుచ్చుకుంది, రక్తం వచ్చింది. పేషెంట్‌కు హెచ్‌ఐవీ ఉందో లేదో రిపోర్ట్ రేపు మధ్యాహ్నం 2 గంటలకు వస్తుందంట. అప్పటిదాకా ఆగనా?"

ఆగొద్దు చెల్లీ. హెచ్‌ఐవీ సోకకుండా ఆపడానికి ముప్పు జరిగాక వేసుకునే మందును పెప్ అంటారు. దాని మొదటి మాత్ర ఈ రాత్రే పడాలి, కుదిరితే గుచ్చుకున్న 2 గంటల లోపే. రేపు రిపోర్ట్ నెగటివ్ అని వస్తే డాక్టర్‌తో మాట్లాడి ఆపేయొచ్చు, ఒకటి రెండు మాత్రలు వేసుకున్నందుకు పెద్ద నష్టమేమీ లేదు. కానీ పోగొట్టుకున్న ఆ 15 గంటలు మళ్లీ రావు.

ఎందుకంత తొందర అంటే, లోపలికి వెళ్లిన వైరస్ వెంటనే ఒళ్లంతా పాకదు. ముందు గుచ్చుకున్న చోట కణాల్లో ఉంటుంది, అక్కడి నుంచి రెండు మూడు రోజుల్లో లింఫ్ గ్రంథులకు చేరి పాతుకుపోతుంది. మందు దాన్ని ఈలోపే పట్టుకోవాలి. అందుకే 72 గంటలు దాటాక పెప్ మొదలుపెట్టరు. 72 అన్నారు కదా, ఇంకా టైం ఉందిలే అని తాపీగా ఉండొద్దు, అది ఆఖరి గడువు మాత్రమే.

ముందు వేలిని సబ్బు, ధారగా పారే నీళ్లతో కడుగు. గట్టిగా పిండకు, నోట్లో పెట్టుకోకు, స్పిరిట్ లాంటివి పోయకు. తర్వాత డ్యూటీ డాక్టర్‌కు చెప్పి, గుచ్చుకున్న టైంతో సహా రిజిస్టర్‌లో రాయించు. ప్రభుత్వాసుపత్రుల్లో క్యాజువాలిటీలో పెప్ మందులు ఉంచాలి, అక్కడ అడుగు. దొరకకపోతే హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లు, ఎక్కడుందో తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చెయ్యి.

మందు పేరు టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోల్యుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, మూడూ ఒకే మాత్రలో ఉంటాయి. రోజుకొకటి, 28 రోజులు. చాలామంది తడబడేది ఇక్కడే. మొదటి వారం భయంతో టంచనుగా వేసుకుంటారు, కాస్త వికారం, తలనొప్పి రాగానే "ఏం కాలేదు కదా" అని పదో రోజుకు మానేస్తారు. కోతుల మీద టెనోఫోవిర్‌తో చేసిన ప్రయోగాల్లో 24 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు ఇచ్చిన వాటికి రక్షణ దొరికింది, 10 రోజులకే ఆపేసిన వాటికి అంత దొరకలేదు. ఇంకో సంగతి, ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్‌కు తాగే యాంటాసిడ్ దీంతో కలిపి వేసుకుంటే డోల్యుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. టీఎల్‌డీ వేసుకున్న 2 గంటల తర్వాతో, 6 గంటల ముందో వాటిని వేసుకో.

నీ రక్తం కూడా ఇప్పుడే ఇవ్వాలి: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, కిడ్నీకి క్రియాటినిన్. వాటి రిజల్ట్ కోసం కూడా మొదటి మాత్ర ఆపొద్దు. ఇవాళ్టి హెచ్‌ఐవీ పరీక్ష ఈ రాత్రి సంగతి చెప్పదు, ఇంతకుముందు నీకు లేదని మాత్రమే చెబుతుంది. తర్వాత 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు మళ్లీ చేయించాలి. మందులు వేసుకున్నప్పుడు వైరస్ బయటపడటం ఆలస్యం కావచ్చు, కాబట్టి 6 వారాల నెగటివ్ చూసి వదిలేయొద్దు. ఆ 6 నెలలూ కండోమ్ వాడాలి, రక్తదానం వద్దు. మధ్యలో జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, మెడ దగ్గర బిళ్లలు వస్తే గడువు దాకా చూడకుండా వెంటనే వెళ్లు.

టెన్షన్ తగ్గడానికి ఒక లెక్క చెబుతా. పేషెంట్‌కు హెచ్‌ఐవీ ఉన్నా, మందులు లేకుండా కూడా సూది గుచ్చుకోవడం వల్ల సోకేది 1000 మందిలో సుమారు ముగ్గురికి. హెపటైటిస్ బీ అంతకంటే చాలా తేలిగ్గా అంటుకుంటుంది, టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో చూసుకో. పరీక్షలో నీకే హెపటైటిస్ బీ ఉందని తేలితే 28 రోజులయ్యాక సొంతంగా ఆపకు, టీఎల్‌డీలోని రెండు మందులు దాని మీద కూడా పనిచేస్తాయి, హఠాత్తుగా ఆపితే లివర్ దెబ్బతినొచ్చు.

ఇక ప్రెప్ సంగతి, అంటే హెచ్‌ఐవీ సోకకుండా ముందునుంచే వేసుకునే మందు. అది నీలాగా ఒక్కసారి జరిగిన దానికి కాదు, ముప్పు మళ్లీ మళ్లీ ఉండేవాళ్లకు. భర్తకు హెచ్‌ఐవీ ఉండి, చికిత్స కొత్తగా మొదలై అతని రక్తంలో వైరస్ మోతాదు ఇంకా తగ్గలేదు, అలాంటి భార్య అనుకో. నిన్న కండోమ్ చిరిగిందంటే ఆమెకు ముందు పెప్ కావాలి. 28 రోజులయ్యాక పరీక్ష నెగటివ్ అయితే, గ్యాప్ లేకుండా ప్రెప్‌కు మారొచ్చు: టెనోఫోవిర్ 300, ఎమ్‌ట్రిసిటబిన్ 200, రోజుకొక మాత్ర. మొదలుపెట్టిన నెల తర్వాత ఒకసారి, ఆ తర్వాత ప్రతి 3 నెలలకు హెచ్‌ఐవీ పరీక్ష, మధ్యమధ్యలో క్రియాటినిన్. ఆ పరీక్ష తప్పించుకుని మందు మాత్రం మెడికల్ షాపులో కొనుక్కునేవాళ్లున్నారు. తెలియకుండా వైరస్ అప్పటికే సోకి ఉంటే ఈ రెండు మందులు దాన్ని అణచలేవు, పైగా అది వాటికి లొంగకుండా తయారవుతుంది, రేపు చికిత్సకు అవే మందులు కావాల్సి వస్తాయి. అందుకే నెగటివ్ రిపోర్ట్ చూడనిదే తర్వాతి 3 నెలల మందు రాయరు.