నాణేనికి గుర్తుండదు, సరే. మనకి?

(జూన్ 29, గణాంక దినోత్సవం నాడు ఒక డిగ్రీ కాలేజీలో చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికీ, సాటి లెక్చరర్లకీ, పిల్లలకీ నమస్కారం. మహలనోబిస్ గారి పుట్టినరోజు కాబట్టి ఆయన గురించి నాలుగు ముక్కలు చెప్పమని పిలిచారు, కానీ నా ముందు మాట్లాడినవాళ్లు ఆయన గురించి చెప్పాల్సినదంతా చెప్పేశారు. కాబట్టి నేను ఎన్నాళ్లుగానో కడుపులో పెట్టుకున్న ఒక గొడవ చెప్తాను, అది మూడు నాణేల లెక్క మీద గొడవ.

సంచిలో మూడు నాణేలున్నాయి. ఎగరేస్తే బొమ్మ పడే సంభావ్యత ఒకదానికి 1/4, రెండోదానికి 1/2, మూడోదానికి 3/4. చూడ్డానికి మూడూ ఒకేలా ఉంటాయి. కళ్లు మూసుకుని ఒకటి తీశాం, ఎగరేశాం, బొమ్మ పడింది. అదే నాణెం మళ్లీ ఎగరేస్తే బొమ్మ పడే సంభావ్యత ఎంత? సగం అనేవాళ్లు చేతులెత్తండి. చాలానే లేచాయి. దించకండి, కాసేపు అలాగే ఉంచండి, ఎందుకంటే ఒకప్పుడు స్పాట్ వాల్యుయేషన్‌లో మా పై ఎగ్జామినర్ కూడా ఇలాగే చెయ్యెత్తాడు.

ఏ యూనివర్సిటీ అన్నది వదిలేయండి. ఒక కుర్రాడు 7/12 అని రాశాడు. కీలో 1/2 అని ఉంది. నేను మార్కులు వేస్తే ఆయన కొట్టేశాడు. "మాస్టారూ, టాస్‌లు స్వతంత్ర ఘటనలు కదండీ, నాణేనికి కిందటిసారి ఏం పడిందో గుర్తుంటుందా?" అన్నాడు. నాణేనికి గుర్తుండక్కర్లేదండీ, చూసినవాళ్లం మనం ఉన్నాం కదా, మనకి గుర్తుంటే చాలు అన్నాను. కీ ప్రకారం పొండి అన్నాడు.

సరే, సూత్రం పక్కన పెట్టి మామూలుగా లెక్కపెడదాం. ఈ ఆట 48 సార్లు ఆడామనుకోండి, సగటున ఒక్కో నాణెం 16 సార్లు చేతికొస్తుంది. మొదటి ఎగరేతలో బొమ్మ పడేవి వరసగా 4, 8, 12, మొత్తం 24. ఇక్కడిదాకా ఎగ్జామినర్ గారి సగం సరైనదే. కానీ మనం బొమ్మ చూశాక ఉన్నది ఆ 48లో కాదు, ఈ 24లో. ఈ 24లో మూడో నాణేనివే 12, మొదటిదానివి నాలుగే. అంటే బొమ్మ పడ్డం చూశాక మన చేతిలో ఉన్నది మూడో నాణెం కావడానికి అవకాశం 1/3 నుంచి 1/2కి పెరిగింది. ఇప్పుడు రెండోసారి ఎగరేయండి. నాలుగులో 1, ఎనిమిదిలో 4, పన్నెండులో 9 మళ్లీ బొమ్మ పడతాయి. మొత్తం 14. 24లో 14 అంటే 7/12. కుర్రాడు రాసింది ఇదే కదా!

మరి స్వతంత్రత ఏమైంది? ఎటూ పోలేదు. ఏ నాణెమో తెలిస్తే టాస్‌లు స్వతంత్రాలే. తెలియనప్పుడు మాత్రం మొదటి టాస్ నాణెం గురించి ఒక కబురు మోసుకొస్తుంది. ఆ నాణేన్ని సంచిలో వేసి, కలిపి, మళ్లీ ఒకటి తీస్తే ఆ కబురు ఎందుకూ పనికిరాదు, జవాబు తిరిగి 1/2. ప్రశ్నపత్రంలో "అదే నాణెం" అన్న రెండు మాటలు చదవకుండా కీ తయారుచేస్తే ఏమవుతుందో చూశారుగా.

పిల్లలూ, మొదట బొమ్మ, తర్వాత బొరుసు పడితే? 4, 8, 12లో బొరుసు వచ్చేవి 3, 4, 3. అటూ ఇటూ సమానం కాబట్టి మూడోసారి బొమ్మకి మళ్లీ 1/2. ముందు బొరుసు పడి తర్వాత బొమ్మ పడినా ఇదే, వరసతో పనిలేదు, ఎన్ని బొమ్మలు ఎన్ని బొరుసులు అన్నదే లెక్క.

అధ్యక్షుల వారు వాచీ చూస్తున్నారు, ఇంకొక్కటే. వరసగా పది బొమ్మలు పడ్డాయనుకోండి. ఈ లెక్క ప్రకారం పదకొండోసారి బొమ్మకి సంభావ్యత సుమారు 0.746. ఇరవై పడినా, వెయ్యి పడినా 0.75 దాటదు, ఎందుకంటే మన సంచిలో అంతకంటే ఎక్కువున్న నాణెం లేదని మనమే ఒట్టేసుకున్నాం. నిజంగా ఎవరైనా రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెం సంచిలో పడేస్తే ఈ లెక్క దాన్ని ఎప్పటికీ పట్టుకోలేదు. మరి తెలిసేదెలా? 3/4 నాణెం వరసగా ఇరవై బొమ్మలు ఇచ్చే అవకాశం వెయ్యిలో సుమారు మూడు. అలాంటిది కళ్లముందు జరిగితే తిరిగి చూసుకోవాల్సింది కూడికలు కాదు, సంచిలో ఏమున్నాయో రాసుకున్న జాబితా. మొదట్లోనే ఆ దొంగ నాణేనికి నూటికో వంతు అవకాశం ఇచ్చి, మిగతా మూడింటికీ 0.33 చొప్పున పంచి ఉంటే, పది బొమ్మల తర్వాత దాని వాటా సుమారు 0.35కి చేరేది, ఇరవై తర్వాత 0.9 దాటేది. సున్నా ఇస్తే మాత్రం ఎన్నిసార్లు గుణించినా సున్నాయే.

ఆ నూటికో వంతే ఎందుకివ్వాలి, వెయ్యికో వంతు ఎందుకు కాదు అని మొదటి వరసలోంచి అడుగుతున్నారు. ఏదిచ్చినా పట్టుబడుతుంది, కాకపోతే వెయ్యికో వంతు ఇస్తే ఇంకొన్ని ఎక్కువ బొమ్మలు పడేదాకా ఆగాలి. ఎన్నో మీరే లెక్కేసి చూడండి, టీ దగ్గర మాట్లాడుకుందాం.